Find Hub ఆఫ్ చేస్తే సరిపోదు: రిపేర్‌కి ఇచ్చే ముందు ఫోన్‌ని సిద్ధం చేయడం ఎలా?

మంగళవారం పొద్దున స్టాండప్ మీటింగ్‌లో ఉండగా విజయవాడ నంబర్ నుంచి కాల్ వచ్చింది. మ్యూట్ చేసి ఎత్తాను. "సార్, మీ నాన్నగారి ఫోన్ రెడీ అయింది, కానీ ఆన్ చేస్తే గూగుల్ అకౌంట్ అడుగుతోంది. పాస్‌వర్డ్ చెప్తారా?" అని సర్వీస్ సెంటర్ అబ్బాయి. నాకు అర్థం కాలేదు. నేను అన్నీ ఆఫ్ చేసే ఇచ్చాను కదా!

అసలు సంగతి ఏంటంటే, దసరాకి గుడివాడ వెళ్ళినప్పుడు నాన్న ఫోన్ స్కూటర్ మీద నుంచి జారి పడింది. డిస్‌ప్లే మీద పెద్ద పగులు, పై భాగంలో టచ్ అప్పుడప్పుడు మొరాయిస్తోంది. ఫోన్ మామూలు ఆండ్రాయిడ్, కొని రెండేళ్ళు. శనివారం నేనే విజయవాడ తీసుకెళ్ళి డిస్‌ప్లే మార్చమని ఇచ్చి హైదరాబాద్ బస్సెక్కాను. ఇచ్చే ముందు బ్యాకప్ తీశాను, సిమ్ తీసి ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో వేశాను, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి Find Hub ఆఫ్ చేశాను. ఐఫోన్ వాడే ఫ్రెండ్స్ అందరూ "ఫైండ్ మై ఆఫ్ చేసి ఇవ్వాలి" అంటుంటారు కాబట్టి, ఆండ్రాయిడ్‌లో దానికి సమానమైన బటన్ ఇదే అనుకున్నా. నాలుగేళ్ళు బీటెక్ చేసి, మూడేళ్ళుగా కోడ్ రాస్తున్నవాడిని, ఒక్క నిమిషం ఆగి ఆలోచించలేదు.

డిస్‌ప్లే మార్చాక ఫోన్ పదేపదే రీస్టార్ట్ అవుతోందని వాళ్ళు రికవరీ మోడ్ నుంచి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు. అది వాళ్ళ తప్పు కాదు. డేటా పోవచ్చని జాబ్ షీట్‌లో రాసి ఉంది, కింద సంతకం నాదే. రీసెట్ అయిన ఫోన్ "ఇంతకు ముందు ఇందులో ఉన్న గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వండి" అని కూర్చుంది. నాన్నకి ఆ పాస్‌వర్డ్ ఏంటో తెలియదు. ఫోన్ కొన్న రోజు షాపు వాళ్ళే ఏదో పెట్టారట.

ఈ వ్యాసం అంతా ఆ ఒక్క తికమక గురించే అనుకోండి. రిపేర్‌కి ముందు చేయాల్సిన పనుల్లో మనం సాధారణంగా తప్పు చేసేది ఇక్కడే.

పేర్లు ఒకేలా ఉన్నా పనులు వేరు

ఐఫోన్‌లో Find My అనే స్విచ్‌కి రెండు పనులు. ఒకటి, ఫోన్ ఎక్కడుందో మ్యాప్ మీద చూపించడం. రెండోది యాక్టివేషన్ లాక్. ఫోన్‌ని ఎవరు చెరిపేసినా, మళ్ళీ వాడాలంటే ఓనర్ యాపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ కావాలి. ఇది 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది. ఈ రెండు పనులూ ఒకే స్విచ్‌కి కట్టి ఉన్నాయి. Find My ఆఫ్ చేస్తే యాక్టివేషన్ లాక్ కూడా పోతుంది. అందుకే ఐఫోన్ రిపేర్ కౌంటర్లో మొదటి ప్రశ్నే అది.

ఆండ్రాయిడ్‌లో అలా కాదు. Find Hub (పోయిన సంవత్సరాల్లో దీని పేరు Find My Device) చేసే పని ఫోన్‌ని వెతకడం, దూరం నుంచి లాక్ చేయడం, చెరిపేయడం. రీసెట్ తర్వాత అకౌంట్ అడిగే కాపలాదారు వేరే. దాని పేరు ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్, అందరూ ఎఫ్‌ఆర్‌పీ అంటారు. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చింది. ఫోన్‌లో గూగుల్ అకౌంట్ ఉండి, స్క్రీన్ లాక్ పెట్టి ఉంటే చాలు, మనం ఏమీ నొక్కకుండానే అది పని మొదలెడుతుంది. దానికి సెట్టింగ్స్‌లో విడిగా స్విచ్ కనిపించదు. Find Hub ఆఫ్ చేసినా అది కదలదు. అది పోవాలంటే ఫోన్ నుంచి గూగుల్ అకౌంట్‌నే తీసేయాలి.

కాబట్టి నేను చేసిందేంటి? ఇంటికి తాళం వేసి ఉండగా, గేటు దగ్గర సీసీ కెమెరా ఆపేసి "తలుపు తీశాను" అనుకున్నాను.

ఇంకో మెలిక కూడా ఉంది. షావోమీ ఫోన్లలో గూగుల్ అకౌంట్‌తో పాటు షావోమీ అకౌంట్ లాగిన్ అయి ఉంటే, రీసెట్ తర్వాత దాని పాస్‌వర్డ్ కూడా అడగొచ్చు. శాంసంగ్‌లో శాంసంగ్ అకౌంట్ సంగతీ అంతే. అంటే సెట్టింగ్స్‌లో అకౌంట్ల జాబితా తెరిచి, కంపెనీ అకౌంట్ ఏదైనా ఉందేమో చూసి, దాని నుంచి కూడా సైన్ అవుట్ అవ్వాలి. సైన్ అవుట్‌కి ఆ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది గుర్తులేదని తెలిసేది కూడా అప్పుడే. ఇంట్లో కూర్చుని ఉండగా తెలియడం మంచిది కదా.

నాన్న ఫోన్ ఎలా బయటపడింది

ఆ రోజు సాయంత్రం ల్యాప్‌టాప్‌లో నాన్న మెయిల్ ఐడీ కొట్టి పాస్‌వర్డ్ మర్చిపోయాను అన్నాను. అదృష్టం కొద్దీ రికవరీ నంబర్‌గా నాన్న నంబరే ఉంది, ఆ సిమ్ ఇంట్లో పాత ఫోన్‌లో ఉంది. సిమ్‌ని రిపేర్ ఫోన్‌లోనే వదిలేసి ఉంటే ఆ కోడ్ వెళ్ళేది సర్వీస్ సెంటర్ డ్రాయర్‌లోకి.

"నాన్నా, కోడ్ వచ్చిందా?"

"వచ్చిందిరా. జీ అని ఉంది, తర్వాత అంకెలు. జీ కూడా చెప్పాలా?"

"వద్దు నాన్నా, అంకెలు చాలు."

కొత్త పాస్‌వర్డ్ పెట్టాం. అయిపోయింది అనుకుంటే అవ్వలేదు. పాస్‌వర్డ్ మార్చిన వెంటనే, రీసెట్ అయిన ఫోన్‌లో దాన్ని వాడదామంటే కుదరకపోవచ్చు, 24 గంటలు ఆగమని గూగుల్ చెబుతుంది. దొంగ ఎవరో ఫోన్ కొట్టేసి అప్పటికప్పుడు పాస్‌వర్డ్ మార్చేసి లోపలికి వెళ్ళకూడదని ఆ ఏర్పాటు. కొన్ని ఫోన్లలో పాత స్క్రీన్ పిన్ కొట్టి లోపలికి వెళ్ళే దారి కూడా కనిపిస్తుంది. మాకు మాత్రం గూగుల్ పాస్‌వర్డ్ దారి ఒక్కటే కనిపించింది.

సర్వీస్ సెంటర్ అబ్బాయి "సార్, పాస్‌వర్డ్ వాట్సాప్ చేయండి, రేపు నేనే కొట్టేస్తా" అన్నాడు. మంచివాడే, సాయం చేద్దామనే అన్నాడు. కానీ ఆ పాస్‌వర్డ్ వెనక నాన్న మెయిల్, ఫోటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఉన్నాయి. వద్దన్నాను. గురువారం నాన్న గుడివాడలో బస్సెక్కి, కాగితం మీద రాసుకున్న పాస్‌వర్డ్‌తో వెళ్ళి, కౌంటర్ దగ్గర నిలబడి తనే కొట్టుకుని ఫోన్ తెచ్చుకున్నాడు. ఒక్క అకౌంట్ రిమూవ్ చేయకపోవడం వల్ల ఒక మనిషికి ఒక రోజు పోయింది.

ముందు అడగాల్సిన ప్రశ్న: ఏం రిపేర్?

ఇప్పుడు మళ్ళీ ఫోన్ ఇవ్వాల్సి వస్తే నేను మొదట చూసేది ఏ భాగం మారుస్తున్నారు అని. ఎందుకంటే అన్ని రిపేర్లకీ ఫోన్ మొత్తం చెరిపేయాల్సిన పని లేదు.

బ్యాటరీ, డిస్‌ప్లే, ఛార్జింగ్ పోర్ట్, స్పీకర్ లాంటివి మారిస్తే మీ డేటా ఉన్న చిప్‌ని ఎవరూ ముట్టుకోరు. టెక్నీషియన్‌కి కావాల్సింది ఫోన్ ఆన్ చేసి టచ్, కెమెరా, మైక్ పరీక్షించడం అంతే. మదర్‌బోర్డ్ మారిస్తే కథ వేరు. స్టోరేజ్ చిప్ బోర్డ్ మీదే ఉంటుంది, బోర్డ్‌తో పాటే పోతుంది. "పాత బోర్డ్ ఇవ్వండి, చిప్ పీకి డేటా తీయించుకుంటా" అంటే కుదరదు. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, తాళంచెవి అదే బోర్డ్ మీదున్న ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. చిప్ ఒక్కటే చేతికొస్తే అర్థంలేని బైట్లు తప్ప ఏమీ రావు. బోర్డ్ మారితే ఐఎంఈఐ కూడా మారొచ్చు. అందుకే ఇచ్చే ముందు *#06# కొట్టి వచ్చే స్క్రీన్‌ని ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, జాబ్ షీట్‌లో రాసిన నంబర్‌తో సరిచూసుకోండి.

చిన్న రిపేర్లకి చాలామందికి తెలియని మంచి దారి ఒకటుంది. శాంసంగ్‌లో దాని పేరు Maintenance mode, పిక్సెల్‌లో Repair mode. శాంసంగ్‌లో సెట్టింగ్స్‌లో Device care (కొన్ని వెర్షన్లలో Battery and device care) లోపల ఉంటుంది. పిక్సెల్‌లో Settings > System > Repair mode. ఇది 2023 డిసెంబర్ అప్‌డేట్‌తో వచ్చింది. ఆన్ చేస్తే ఫోన్ రీస్టార్ట్ అయి, కొత్తగా కొన్న ఫోన్‌లా ఖాళీగా తెరుచుకుంటుంది. మీ ఫోటోలు, చాట్‌లు, అకౌంట్లు లోపలే ఉంటాయి కానీ కనిపించవు. టెక్నీషియన్ అన్నీ పరీక్షించుకోవచ్చు. మీరు తిరిగి తీసుకున్నాక అందులోంచి బయటికి రావాలంటే మీ పిన్ కావాలి. అంటే పిన్ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు, లాక్ తీసేయాల్సిన పనీ లేదు.

కానీ ఇది బ్యాకప్‌కి బదులు కాదు. ఈ మోడ్‌లో ఉన్న ఫోన్‌ని కూడా రికవరీ నుంచి రీసెట్ చేయొచ్చు, అప్పుడు లోపల దాచినవన్నీ పోతాయి. నాన్న ఫోన్‌లో ఈ మోడ్ లేదు. ఉన్నా, రీసెట్ కొట్టాక అదే పరిస్థితి వచ్చేది.

బ్యాకప్: "అయింది" అని చూపించడం వేరు, అవ్వడం వేరు

నాన్న ఫోన్ విషయంలో నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే, అది కూడా సగం అనుమానంతో. సెట్టింగ్స్‌లో Google > Backup తెరిస్తే బ్యాకప్ ఆన్ అనే ఉంది. నిశ్చింతగా వదిలేద్దాం అనుకుని, ఎందుకో వాట్సాప్‌లో Settings > Chats > Chat backup తెరిచి చూశా. చివరి బ్యాకప్ జూన్‌లో! నాలుగు నెలల కిందటిది.

కారణం మామూలుదే. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఇచ్చే ఉచిత 15 జీబీలోనే లెక్కకి వస్తుంది. నాన్నకి పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలతోనే ఆ చోటు నిండిపోయింది. నిండాక బ్యాకప్ చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. జూలైలో మా నాయనమ్మ పోయింది. ఆవిడ ఆఖరి రోజుల్లో పంపిన వాయిస్ మెసేజ్‌లు ఆ నాలుగు నెలల మధ్యలోనే ఉన్నాయి. ఆవిడకి టైప్ చేయడం రాదు కాబట్టి అన్నీ వాయిసే.

వీడియోలు లేకుండా బ్యాకప్ తీస్తే పట్టేది. కానీ కొత్త బస్సు టైమ్ దగ్గర పడుతోంది, గుడివాడ ఇంట్లో అప్‌లోడ్ స్పీడ్ గురించి చెప్పక్కర్లేదు. అందుకే క్లౌడ్‌ని నమ్మకుండా కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌లోకి లాగేశా. ముందు వాట్సాప్‌లో Back up నొక్కితే, క్లౌడ్‌కి వెళ్ళినా వెళ్ళకపోయినా ఫోన్ లోపల ఆ రోజు కాపీ ఒకటి తయారవుతుంది. ఫోల్డర్‌లో దాని తారీఖు చూసుకుని ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేశా:

```
adb devices
adb pull /sdcard/DCIM ./DCIM
adb pull /sdcard/Android/media/com.whatsapp ./whatsapp
```

దీనికి డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఫోన్ స్క్రీన్ మీద వచ్చే పర్మిషన్ ఒప్పుకోవాలి. కాపీ అయ్యాక దాన్ని మళ్ళీ ఆఫ్ చేసి ఇవ్వండి. ఇదంతా ఎందుకు అనుకుంటే మామూలు ఫైల్ ట్రాన్స్‌ఫర్ మోడ్‌లో పెట్టి అవే ఫోల్డర్లు మౌస్‌తో లాగినా సరిపోతుంది. ఫోన్ తిరిగి వచ్చాక ఆ ఫోల్డర్‌ని అదే చోట పెట్టి, ఆ తర్వాతే వాట్సాప్‌లో నంబర్ వెరిఫై చేయాలి. అప్పుడు రీస్టోర్ చేయమంటారా అని అదే అడుగుతుంది. ముందు వెరిఫై చేసేసి తర్వాత ఫోల్డర్ పెడితే అడగదు. వాట్సాప్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తుంది. ఇంకో మాట: ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసి ఉంటే, దానికి పెట్టుకున్న పాస్‌వర్డ్, పాస్‌కీ లేదా 64 అంకెల కీ లేకుండా ఆ ఫైల్ తెరుచుకోదు. వాట్సాప్ వాళ్ళు కూడా తెరవలేరు.

ఫోటోల విషయంలో నా పద్ధతి ఒకటే. బ్యాకప్ పూర్తయింది అనే మెసేజ్‌ని నమ్మను. వేరే డివైస్‌లో photos.google.com తెరిచి, నిన్న తీసిన ఫోటో ఒకటి, బాగా పాత వీడియో ఒకటి నిజంగా తెరుచుకుంటున్నాయా అని చూస్తా. వాట్సాప్ ఫోటోలు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, ఆ ఫోల్డర్ బ్యాకప్ విడిగా ఆన్ చేస్తే తప్ప అక్కడికి వెళ్ళవు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ఫోన్లలో ఇంకో గొయ్యి ఉంటుంది. కాంటాక్టులు. నాన్న ఫోన్‌లో సగం నంబర్లు గూగుల్ అకౌంట్‌లో కాకుండా "ఫోన్"లో సేవ్ అయి ఉన్నాయి. అకౌంట్ సింక్ ఎంత బాగా ఉన్నా అవి పైకి వెళ్ళవు. కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక .vcf ఫైల్ వస్తుంది, దాన్ని మీకు మీరే మెయిల్ చేసుకుంటే చాలు. గ్యాస్ బుక్ చేసే నంబర్ నుంచి కౌలు రైతు నంబర్ దాకా అందులోనే ఉన్నాయి.

మనలాంటి వాళ్ళకి ప్రమాదం వేరే చోట ఉంది, టూ ఫ్యాక్టర్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్. గూగుల్ ఆథెంటికేటర్‌లో 2023 నుంచి అకౌంట్‌కి సింక్ అయ్యే సదుపాయం ఉంది, కానీ అకౌంట్ లేకుండా వాడుతుంటే కోడ్‌లు ఆ ఒక్క ఫోన్‌లోనే ఉంటాయి. ఫోన్ చెరిగితే అవీ చెరుగుతాయి. Transfer accounts లోకి వెళ్ళి ఎక్స్‌పోర్ట్ క్యూఆర్‌ని ఇంకో ఫోన్‌తో స్కాన్ చేసి పెట్టుకోండి. ఆఫీస్ వర్క్ ప్రొఫైల్ ఉన్న ఫోన్ అయితే ముందు ఐటీ వాళ్ళకి ఒక మెయిల్ పడేయండి.

యూపీఐ యాప్‌లకి బ్యాకప్ అంటూ ఏమీ ఉండదు. అవి సిమ్‌కి, ఫోన్‌కి కలిపి ముడిపడి ఉంటాయి కాబట్టి రీసెట్ అయితే మళ్ళీ మొదటి నుంచి రిజిస్టర్ చేసుకోవాల్సిందే. ఆ తర్వాత మొదటి రోజు పెద్ద మొత్తాలు పంపనివ్వకపోవచ్చు. అద్దె కట్టే రోజు చూసుకుని ఫోన్ ఇవ్వండి.

లాక్ తీయాలా, పిన్ చెప్పాలా?

జాబ్ షీట్‌లో "పాస్‌వర్డ్ / ప్యాటర్న్" అని ఒక గడి ఉంటుంది. తొమ్మిది చుక్కలు కూడా ప్రింట్ చేసి ఉంటాయి, ప్యాటర్న్ గీయమని. ఆ కాగితం తర్వాత ఎంతమంది చేతులు మారుతుందో మనకి తెలియదు. ఆ పిన్నే మీ యూపీఐ యాప్ తెరిచే పిన్, మీ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచే పిన్.

నేను పాటించే వరస ఇది. ఫోన్‌లో రిపేర్ మోడ్ ఉంటే అది ఆన్ చేసి, లాక్ అలాగే ఉంచి ఇస్తా. గడిలో "రిపేర్ మోడ్" అని రాస్తా. అది లేకపోతే, బ్యాకప్ సరిచూసుకున్నాక గూగుల్ అకౌంట్, కంపెనీ అకౌంట్ రెండూ రిమూవ్ చేసి, సెట్టింగ్స్ లోపల నుంచే రీసెట్ చేసి, సెటప్‌లో అన్నీ స్కిప్ కొట్టి ఖాళీ ఫోన్ ఇస్తా. అప్పుడు లాక్ ఉండదు, లోపల ఏమీ ఉండదు. రీసెట్ స్క్రీన్‌లో ఈసిమ్ కూడా చెరిపేయాలా అని అడిగితే వద్దనాలి, లేకపోతే మళ్ళీ నెట్‌వర్క్ వాళ్ళ చుట్టూ తిరగాలి.

డేటా అంతా లోపలే ఉంచి లాక్ మాత్రం None పెట్టి ఇవ్వడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. లాక్ తీసేస్తుంటే ఫోన్ కూడా హెచ్చరిస్తుంది. వేలిముద్రలు చెరిగిపోతాయి, పైగా ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి గ్యాలరీ, మెయిల్, చాట్‌లు అన్నీ తెరిచిన పుస్తకమే. దొంగిలిస్తే కాపాడే రక్షణ కూడా దాంతోనే పోతుంది.

ఐఫోన్ వాళ్ళకి: కౌంటర్ దగ్గర గంట సేపు

మా టీమ్‌లో ఒకతను బ్యాటరీ మార్పించడానికి లంచ్ బ్రేక్‌లో మాల్‌లోని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాడు. Find My ఆఫ్ చేయమన్నారు. చేయబోతే ఫేస్ ఐడీ అడిగింది, ఆ తర్వాత గంట ఆగమని టైమర్ మొదలైంది. ఇది ఐఓఎస్ 17.3తో వచ్చిన Stolen Device Protection పని. ఇల్లు, ఆఫీస్ లాంటి అలవాటైన చోట్లకి బయట ఉన్నప్పుడు ఇలాంటి మార్పులకి ఫేస్ ఐడీ, గంట ఆగడం, మళ్ళీ ఫేస్ ఐడీ కావాలి. పాస్‌కోడ్ కొట్టి దాటేయడం కుదరదు. పాపం లంచ్ బ్రేక్ మొత్తం ఆ కుర్చీలోనే అయిపోయింది.

కాబట్టి ఇంట్లో ఉండగానే Settings > Face ID & Passcode > Stolen Device Protection ఆఫ్ చేసి బయల్దేరండి. ఫేస్ ఐడీ కెమెరానే పాడైతే మరీ ముఖ్యం, బయటికెళ్ళాక రెండో దారి ఉండదు. ఐఓఎస్ 17.5 నుంచి Find My ఆపకుండానే రిపేర్‌కి ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. Find My యాప్‌లో మీ డివైస్‌ని తీసేయబోతే, రిపేర్‌కి ఇస్తున్నారా అని అదే అడుగుతుంది. మీ సెంటర్ వాళ్ళు దాన్ని ఒప్పుకుంటారో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. వాళ్ళు ఆఫ్ చేయాల్సిందే అంటే, Settings పైన మీ పేరు > Find My > Find My iPhone. యాపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. బ్యాకప్ అయ్యాకే ఈ పని.

స్క్రీన్ పూర్తిగా పోతే?

డిస్‌ప్లే వెలుగుతూ టచ్ మాత్రం చచ్చిపోతే ఆండ్రాయిడ్‌కి సులువైన మందు ఉంది. ఓటీజీ అడాప్టర్, మామూలు యూఎస్‌బీ మౌస్. గుచ్చగానే స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది. దాంతో పిన్ కొట్టి, బ్యాకప్ తీసి, అకౌంట్ రిమూవ్ చేయొచ్చు. నాన్న ఫోన్ పై భాగంలో టచ్ పనిచేయనప్పుడు నేను మౌస్‌తోనే పని కానిచ్చా. బొమ్మే రాకపోతే, అంతకు ముందే యూఎస్‌బీ డీబగ్గింగ్‌కి ఆ ల్యాప్‌టాప్‌ని ఒప్పుకుని ఉంటే scrcpy తో ఫోన్ స్క్రీన్‌ని ల్యాప్‌టాప్‌లో చూడొచ్చు. ఒప్పుకుని ఉండకపోతే ఇక ముందు డిస్‌ప్లే మార్పించుకుని, టెక్నీషియన్ ఎదుటే మీరే పిన్ కొట్టి చూసుకోవడం ఒక్కటే దారి.

ఇక్కడ కూడా రెండు కంపెనీల తేడా గుర్తుపెట్టుకోండి. ఐఫోన్ అసలు ఆన్ కాకపోయినా icloud.com/find లోకి వెళ్ళి డివైస్‌ని అకౌంట్ నుంచి తీసేస్తే యాక్టివేషన్ లాక్ పోతుంది. ఆండ్రాయిడ్‌లో Find Hub నుంచి దూరంగా కూర్చుని ఫోన్‌ని చెరిపేసినా ఎఫ్‌ఆర్‌పీ పోదు. చెరిగిన ఫోన్ మళ్ళీ అదే గూగుల్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ మీకు తెలిసి ఉండాలి, మార్చాల్సి వస్తే ఫోన్ ఇవ్వడానికి కనీసం ఒక రోజు ముందే మార్చి ఉండాలి.

గురువారం రాత్రి నాన్న వీడియో కాల్ చేశాడు, కొత్త డిస్‌ప్లే చూపిద్దామని. ముందు ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫోల్డర్ నా చేతిలో ఉంది కానీ ఫోన్ గుడివాడలో ఉంది కాబట్టి, వాట్సాప్ ఇంకా వెరిఫై చేయొద్దని పాత ఫోన్‌లోంచే మాట్లాడమన్నాను. శనివారం వెళ్ళి ఫోల్డర్ పెట్టి, వెరిఫై చేశాం. జూన్ దాటి జూలై మెసేజ్‌లు కూడా వచ్చాయి. నాన్న నాయనమ్మ చాట్ తెరిచి, ఒక వాయిస్ మెసేజ్ మీద నొక్కి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.